టైరు మీద నేను చదవని అంకె

ఆత్మకూరు బస్టాండు పక్కన టీ తాగేవాళ్ళ మధ్య నా గురించి ఒక కథ తిరుగుతోంది. ఉదయగిరి డ్రైవరు ఒకాయన బండి బత్తాయిల లోడుతో పక్కకు ఒరిగితే, నిద్రపోయి పడేశాడని అందరూ అన్నారట. నేనొక్కడినే ఫోనులో ఫొటో చూసి, తప్పు మనిషిది కాదు, టైరుదని కనిపెట్టానట. ఫొటోలోనే టైరు జాతకం చెప్పేస్తాడని పక్క కొట్టువాళ్ళు కొత్తవాళ్ళకు నన్ను చూపిస్తుంటారు. మొదట్లో కాదని చెప్పాను. వినయం అనుకున్నారు. రెండోసారి చెప్పడానికి ఓపిక లేక నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు కూడా తప్పే. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది టైర్ల కొట్టు. కొత్తవి, వాడినవి రెండూ అమ్ముతాను. ఉదయగిరి, వింజమూరు, అనంతసాగరం వైపు నుంచి బండ్లవాళ్ళు వస్తారు. అంత దూరం వచ్చి లేదనిపించుకోవడం ఎందుకని ముందుగా టైరు ఫొటో తీసి ఫోనుకు పంపుతారు. అది ఎప్పుడు అలవాటైందో నాకు గుర్తు లేదు. ఇప్పుడు నా ఫోను నిండా నల్లటి గుండ్రటి ముక్కలే. పెళ్ళి ఫొటో వెతకాలంటే టైర్లు దాటుకుంటూ పోవాలి.

టైరు మీద రాత నలుపు మీద నలుపు. రంగు ఉండదు, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, అంతే. ఎదురుగా నిలబడి ఫ్లాష్ వేసి తీస్తే తెల్లటి మెరుపు తప్ప ఏమీ పడదు. బురద తుడిచి, తడిగుడ్డ పెట్టి, వెలుతురు పక్క నుంచి పడేలా తీయాలి. ఇది ఎంతమందికి చెప్పానో! అయినా ఒకాయన బొటనవేలు పంపుతాడు, ఇంకొకాయన చక్రం మొత్తం ఇంటి వాకిలితో సహా పంపుతాడు. "ముగ్గు బాగుందబ్బా, టైరేది?" అని అడిగితే "ఆడే ఉండాది చూడన్నా" అంటారు.

చదవడం వచ్చినవాడికి ఆ గుండ్రంలో అంతా ఉంటుంది. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. గీత తర్వాతి అంకె, ఆ వెడల్పులో టైరు పక్క గోడ ఎత్తు నూటికి ఎన్ని వంతులో చెబుతుంది. ఆర్ అక్షరం తర్వాత ఉండేది రిమ్ము కొలత, అంగుళాల్లో. ఇక్కడిదాకా అందరూ చదువుతారు. ఆ పక్కనే చిన్నగా రెండు మూడు అంకెలు, ఒక అక్షరం ఉంటాయి. ఆ అంకె ఆ టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే గుర్తు. అది కిలోలు కాదు, కిలోలు దానికి వేరే పట్టికలో ఉంటాయి. అక్షరం ఎంత వేగానికి తట్టుకుంటుందో చెబుతుంది. ఇంకోచోట పొడవాటి కోడు ఉంటుంది. దాని చివర గుళికలాంటి గడిలో నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. ఈ నాలుగు అంకెలూ చాలా టైర్లకు ఒక వైపే ఉంటాయి. ఆ వైపు లోపలికి పెట్టి బిగిస్తే బయట నిలబడినవాడికి వయసు తెలియదు.

మా వైపు జనానికి ఈ నాలుగు అంకెల మీదే మోజు. దానికి కారణం నేనే. ఎండలో పెట్టిన టైరు, నడవకపోయినా ముదురుతుంది. అరుగుదల లేదని పాత టైరును కొత్తదిగా అంటగట్టేవాళ్ళు ఎక్కువ. ఆ మోసం ఆపాలని ప్రతివాడికీ వయసు చూడడం నేర్పాను. నేర్పినకొద్దీ నా పేరు పెరిగింది. చివరికి అందరూ అడిగేది ఒకటే ప్రశ్న, "అన్నా, దీని వయసెంత?" నేను చూసేది ఒకటే చోటు. మనిషికి దేనికి పేరొస్తుందో దాన్నే పదే పదే చేస్తాడు. మిగతాది చూడడం మానేస్తాడు. నేను మానేశానని నాకే తెలియదు.

ఉదయగిరి డ్రైవరు నాకంటే పదేళ్ళు చిన్న. సొంత బండి, నాలుగు చక్రాల చిన్న గూడ్సు బండి. బత్తాయి తోటల నుంచి కాయలు తోలేవాడు. ఆదివారం ఉదయం మాత్రం బండి తీసేవాడు కాదు, భార్యాబిడ్డలతో చర్చికి పోయేవాడు. తోటలవాళ్ళు దాని మీద విసుక్కునేవాళ్ళు, కానీ కాయ నలగకుండా తోలతాడని అతన్నే పిలిచేవాళ్ళు. బత్తాయి దెబ్బ తింటే పైకి కనపడదు, రెండు రోజులకు మచ్చ తేలుతుంది. అందుకే నిదానస్తుడికి గిరాకీ.

ఆ రోజు అతని బండి వెనక ఎడమ టైరు రాయి కోసుకుని చీలింది. మర్నాడు కోత. ఆత్మకూరు వచ్చి తిరిగి పోయే తీరిక లేదు. ఉదయగిరిలో పంక్చరు వేసేచోట ఒక టైరు ఉంది. ఎవరిదో చిన్న కారు స్టెప్నీ, నేల మీద దొర్లిందే లేదు. నలుపు కూడా తగ్గలేదు. పంక్చరు వేసే మనిషి, "దీని మీద టీ అక్షరం ఉండాది చూడు, నూట తొంభై స్పీడు పోతాదంట. నీ పాత టైరు మీద పీ, అది నూట యాభైకే. ఇదే బలమైంది" అన్నాడట. వేగం సంగతి నిజమే, అతను అబద్ధం చెప్పలేదు. టీ అంటే నూట తొంభై, పీ అంటే నూట యాభై. కానీ వేగం ఎక్కువ తట్టుకున్నంత మాత్రాన బరువు ఎక్కువ మోస్తుందని కాదు. కారుకు వేగం కావాలి, గూడ్సు బండికి మోత కావాలి.

డ్రైవరుకు పూర్తిగా నమ్మకం కుదరక నాకు ఫొటో పంపాడు. వెంటనే ఫోను కూడా చేశాడు.

"అన్నా, ఫొటో పెట్టినా. కొంచెం చూసి చెప్పన్నా. వయసెంత దీనికి?"

నా కొట్టులో అప్పుడు ట్రాక్టరు టైరు వెనక్కి తెచ్చిన రైతు ఒకాయన గొంతు పెంచి మాట్లాడుతున్నాడు. ఆయనకు చేయి చూపించి ఆగమని, ఫొటో పెద్దది చేసి గడిలో నాలుగు అంకెలు చూశాను. తయారై ఏడాది కూడా కాలేదు.

"కొత్తదిరా. పసిబిడ్డ. వేసుకో."

"సైజు సరిపోతాదా?"

"రిమ్ములో పట్టిందా?"

"పట్టిందన్నా. ఎత్తు కూడా పాతదానికి సమంగానే ఉండాది."

"ఇంకేంది మరి? పెట్టేయ్ ఫోను, ఇక్కడ నా ప్రాణం తీస్తా ఉండారు."

అతను నవ్వాడు. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత చాలా రోజులు, అతను వయసు మాత్రమే అడిగాడు, నేను వయసు మాత్రమే చెప్పాను అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. సైజు అడిగాడు. నేను వేసుకోమన్నాను.

మర్నాడు మధ్యాహ్నం, ఎండ మండిపోతుండగా, లోడుతో ఉదయగిరి నుంచి ఆత్మకూరు వైపు వస్తూ మలుపులో ఆ టైరు పగిలింది. బండి ఎడమకు లాగి రోడ్డు పక్క కాలువలోకి ఒరిగింది. ఎదురుగా ఎవరూ లేరు, ఆ ఒక్కటీ అదృష్టం. డ్రైవరు భుజం ఎముక విరిగింది. బత్తాయిలు కాలువ పొడుగునా దొర్లిపోయాయి. మేకలు తోలుకునే వాళ్ళు వచ్చి అతన్ని బయటకు లాగారు.

సాయంత్రం తోట పెద్దాయన నాకు ఫోను చేశాడు. వింజమూరు వైపు పెద్ద తోట ఆయనది, మిగతా తోటలవాళ్ళు ఆయన మాట మీద నడుస్తారు. నా దగ్గర ట్రాక్టరు టైర్లు కొంటాడు.

"ఏమయ్యా, ఆ డ్రైవరు టైరు పగిలిందంటా ఉండాడు. నువ్వు చూసి చెప్పిన టైరంట గదా. పాతదా అది?"

"పాతదేం కాదు పెద్దాయనా. కొత్తది."

"అయితే టైరులో తప్పు లేదు."

"టైరులో ఏం లేదు."

"అట్ట చెప్పు. నిద్దరపొయ్యి పడేసి టైరు మీదికి తోస్తా ఉండాడు. నాకు తెలుసులే."

ఫోను పెట్టేశాడు. నాకేదో వెలితిగా అనిపించి అప్పుడు అతను పంపిన ఫొటో మళ్ళీ తెరిచాను. సైజు రాత ఫొటో కింది అంచున ఉంది. టైరు గుండ్రం కాబట్టి కిందికొచ్చిన రాత తలకిందులుగా కనిపిస్తుంది. చదవడానికి ఫోను తిప్పితే ఫొటో కూడా నాతోపాటు తిరిగింది. తిరగకుండా ఆపే బొత్తాం నొక్కి, ఫోను తలకిందులుగా పట్టుకుని చదివాను.

145/80 R12 74T.

అతని బండికి ఉండాల్సింది 145 R12, దాని వెంట ఎల్‌టీ అక్షరాలు, ఎనిమిది ప్లై, అంటే ఎనిమిది పొరల బలం, 86/84 పీ. ఎల్‌టీ అంటే బరువు లాగే చిన్న బండ్ల కోసం చేసిన టైరు. గీత, దాని తర్వాత అంకె లేకపోతే పక్క గోడ ఎత్తు దాదాపు నూటికి ఎనభై వంతులే ఉంటుంది. అందుకే రెండూ రిమ్ములో పట్టాయి, రెండూ ఒకే ఎత్తు కనిపించాయి. కంటికి కవల పిల్లలు. తేడా చివరి అంకెలో ఉంది. 74 అంటే ఒక టైరు మోయగలిగింది మూడు వందల డెబ్బై ఐదు కిలోలు. 86 అంటే అయిదు వందల ముప్పై. 84 అనేది పక్కపక్కనే జంట చక్రాలు వేస్తే లెక్క, అతని బండికి వెనక ఒక్కో వైపు ఒక్కో చక్రమే. నిండు లోడులో వెనక చక్రం ఒక్కోదాని మీద నాలుగు వందల యాభై దాటుతుంది. ఉండాల్సిన టైరు ఆ బరువును సునాయాసంగా మోస్తుంది. కారు టైరు మోయలేదు. బరువుకు పక్క గోడ వంగుతుంది, తిరిగిన ప్రతి చుట్టుకూ వంగి లేస్తుంది, వేడెక్కుతుంది. ఆ ఎండలో, ఆ రోడ్డు మీద, అది ఎంతసేపు ఆగుతుంది?

అప్పుడే పెద్దాయనకు ఫోను చేసి ఉండాలి. ఫోను చేతిలోనే ఉంది. రేపు చెబుదాం, అతని భుజం సంగతి తెలిశాక చెబుదాం అనుకున్నాను. చెబితే, చూసి చెప్పేవాడే చూడలేదని నాలుగు మండలాల్లో తెలుస్తుంది. ఆసుపత్రికి వెళ్ళి డ్రైవరును పలకరించాను. బత్తాయిలు మాత్రం తీసుకుపోలేదు, ఆపిల్ పళ్ళు తీసుకుపోయాను. అతను కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతని భార్య మంచం పక్కన కూర్చుని ఉంది.

"ఈయన నిద్రపోలేదన్నా. ఆదివారం తప్ప రెస్టు తీసుకోడు, నిజమే. కానీ నిద్రపోలేదు. నువ్వన్నా నమ్ముతావా?" అంది.

"నమ్ముతానమ్మా" అన్నాను. అంతకంటే పెద్ద మాట చెప్పాల్సినవాడిని, ఆ చిన్న మాట చెప్పి వచ్చేశాను.

భుజం కట్టు విప్పేసరికి అతని పేరు మారిపోయింది. తోటల్లో అతన్ని నిద్రపోయే డ్రైవరు అనడం మొదలుపెట్టారు. పెద్దాయన ఇంకో బండిని పెట్టుకున్నాడు. మిగతా వాళ్ళూ అంతే. ఎవరూ గట్టిగా తిట్టలేదు. "కోత లేదులే ఇప్పుడు" అనేవాళ్ళు, పక్క గట్టు మీద కోత జరుగుతుండగానే. అతను కొన్నాళ్ళు ఇసుక తోలాడు, కొన్నాళ్ళు సంగం వైపు వడ్ల బస్తాలు దించడానికి పోయాడని విన్నాను. విరిగి అతికిన భుజంతో. ఆ మాట నాకు చెప్పినవాడు టైరు కోసం వచ్చాడు. నేను అతనికి టైరు చూపించాను.

తరువాతి కాపు కోతకొచ్చే వేళకు డ్రైవరు భార్య దగ్గర నుంచి నాకు ఫోను వచ్చింది.

"అన్నా, ఆయన ఫోను నుంచి ఫొటోలు పెట్టినాను. నాలుగు టైర్లూ. స్టెప్నీ కూడా. వయసెంతో చెప్తావా? కావలి నుంచి బండి చూసుకోడానికి వస్తా ఉండారు రేపు."

"ఎందుకమ్మా?"

"అమ్మేస్తా ఉండాం. లోడు రాని బండి వాకిట్లో పెట్టుకోని ఏం చేస్తాం? ఈయన యాడన్నా డ్రైవరుగా కుదురుకుంటాడంట. ఎవరి బండి మీదైనా సరే అంటాడు. ఎవరిస్తారో మరి."

ఫొటోలు తెరిచాను. ఆ అమ్మాయి శుభ్రంగా తీసింది. టైర్లు కడిగి, పక్క వెలుతురులో, ఒక్కో చక్రం చుట్టూ తిరుగుతూ ముక్కలు ముక్కలుగా అన్ని రాతలూ పడేలా తీసింది. వయసు లోపలి వైపు ఉన్న చక్రానికి బండి కిందికి దూరి తీసింది. నేను వాటిని చదువుతూ పైకి జరిపితే, అదే వరుసలో, ఆ ఫొటోలకు సరిగ్గా పైన పాత ఫొటో ఉంది. మధ్యలో అతను నాకేమీ పంపలేదు. కొత్త ఫొటోల్లో అన్నిటి మీదా 86/84 పీ. పైన ఒక్కదాని మీద 74టీ.

జవాబు టైపు చేయలేదు. అతనికి ఫోను చేశాను.

"బండి అమ్మబాకు."

"నీకెందుకన్నా?" అన్నాడు. కోపం లేదు. అలసట ఉంది.

"ఆ టైరు కారుదిరా. నీ లోడు మోసే టైరు కాదు అది. నేను పక్కనున్న అంకె చూడకుండా వేసుకోమన్నాను."



"తెలుసన్నా" అన్నాడు.

"ఎప్పుడు తెలుసు?"

"బండి బాగు చేయించేటప్పుడు పగిలిన టైరు పక్కన కొత్తది పెట్టి చూసినా. రెండు అంకెలూ వేరేగా ఉండాయి. నాకు చదవడం రాదా ఏంది? నువ్వు నేర్పించిందే గదా."

"మరి చెప్పలేదేందిరా?"

"ఎవరికి చెప్పేది? పెద్దాయన నిన్ను అడిగినాడు, నువ్వు టైరులో ఏం లేదన్నావు. నా మాట నమ్మి నీ మాట కొట్టేసేవాడు ఎవడుండాడు ఇక్కడ? నువ్వు చెప్తావేమోనని చూసినా. ఆసుపత్రికి కూడా వచ్చినావు గదా. అప్పటికి నాకు తెలీదులే, కానీ నీకు తెలుసు. తెలుసు గదా?"

"తెలుసు."

"అదే. ఆపిల్ పళ్ళు తెచ్చినావు" అన్నాడు, ఫోను పెట్టేశాడు.

మర్నాడు ఉదయం కొట్టు తెరవకుండా వింజమూరు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో తోటకు. కోత మొదలైంది. ఆడవాళ్ళు చెట్ల కింద కాయలు ఏరి కుప్పలు పోస్తున్నారు. మగవాళ్ళు ప్లాస్టిక్ క్రేట్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారు. పెద్దాయన నీడలో కుర్చీ వేసుకుని, పెద్ద కాయలు, చిన్న కాయలు వేరు చేసేవాళ్ళ మీద కన్నేసి ఉన్నాడు.

"ఏందయ్యా ఇంత దూరం? టైర్లు అమ్ముకోడానికి తోటల్లోకి కూడా వస్తా ఉండావా?"

"ఒక ఫొటో చూపిద్దామని పెద్దాయనా."

"పెళ్ళికూతురా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఫొటో చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. నేను వేలితో చూపిస్తూ అన్నీ చెప్పాను. ఇది సైజు, ఇది బరువు, ఇది వేగం, ఇది వయసు. డెబ్బై నాలుగంటే ఎన్ని కిలోలు, ఎనభై ఆరంటే ఎన్ని కిలోలు. ఆయన తెలివైనవాడు. సగంలోనే అందుకున్నాడు.

"అంటే లోడు ఎక్కువైందన్నమాట. వాడే ఎక్కించుకున్నాడు గదా."

"లోడు ఎక్కువ కాలేదు పెద్దాయనా. ఆ బండికి ఎంత రాసుందో అంతే మీ మనుషులు ఎక్కించారు. మిగతా మూడు టైర్లూ మోశాయి. ఆ ఒక్క టైరే తక్కువది."

"వాడు చూసుకోవద్దా?"

"చూసుకున్నాడు. నన్ను అడిగినాడు. సైజు సరిపోతాదా అని కూడా అడిగినాడు. నేను వేసుకోమన్నాను."

ఆయన కళ్ళజోడు తీశాడు.

"నేను ఫోను చేసి అడిగితే ఏం చెప్పినావు నువ్వు?"

"టైరులో ఏం లేదన్నాను."

"ఎందుకన్నావు?"

"చూడకుండా అన్నాను. మీరు ఫోను పెట్టినాక చూసినాను. చూసి కూడా ఊరుకున్నాను."

క్రేట్లు పేర్చేవాళ్ళు చప్పుడు ఆపేశారు. అది నాకు వీపు వెనక తెలిసింది. పెద్దాయన నన్ను తిడతాడని అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన చేతిలో ఉన్న బత్తాయిని అటూ ఇటూ తిప్పి చూసి, చిన్న కాయల కుప్పలో వేశాడు.

"ఇన్నాళ్ళా?" అన్నాడు.

నేను ఫోను వెనక్కి తీసుకున్నాను.

"నా నోటితో నిద్దరపొయ్యినాడని ఎంతమందికి చెప్పినానో తెలుసా నీకు? ఇప్పుడు నేను పొయ్యి అందరికీ కాదని చెప్పాలా?"

"నేను చెప్తాను పెద్దాయనా. ఏ తోటకు పొమ్మంటే ఆ తోటకు పోతాను."

"నువ్వు చెప్తే నమ్ముతారా ఇంక?" అన్నాడు. అది నిజం. నేను ఒప్పుకున్న క్షణం నుంచే నా మాటకు విలువ తగ్గింది. అతని పేరు నిలబెట్టగలిగిన మాట నా దగ్గర ఉన్నంతకాలం దాచుకున్నాను. బయటపెట్టేసరికి దానికి బలం లేదు. ఇక ఉన్న మాట పెద్దాయనదే.

"బండి అమ్మేస్తా ఉండాడు. కావలి వాళ్ళు ఈ రోజే వస్తారు" అన్నాను.

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత తన ఫోను తీసి డ్రైవరు నంబరు నొక్కాడు. స్పీకరులో పెట్టాడు. ఎందుకు పెట్టాడో తెలియదు, చెవికి సరిగా వినపడదేమో.

"ఏందిరా, బండి అమ్ముతా ఉండావంట?"

"అవును పెద్దాయనా."

"టైర్లాయన ఇక్కడుండాడు. చెప్పినాడు. రేపు కోత ఉండాది, లోడుకు రా."

 అవతల ఎవరో బండి గురించి అడుగుతున్న గొంతులు వినిపించాయి. కావలి వాళ్ళు అప్పటికే వచ్చినట్టుంది.

"వినపడిందా? రేపు రా."

"వస్తాను. నేను నిద్రపోలేదని అక్కడుండే వాళ్ళకి చెప్పు పెద్దాయనా."

"నాకు తెలిసింది గదా. చాల్లే."

"నీకు తెలిస్తే చాలదు. కాయలు ఏరే వాళ్ళు కూడా నన్ను ఆ పేరుతోనే పిలస్తా ఉండారు. నీ దగ్గరే పుట్టింది ఆ పేరు."

పెద్దాయన మొహం ఎర్రబడింది. అలా ఆయనతో మాట్లాడిన డ్రైవరు ఆ తోటలో ఇంకెవరూ ఉండి ఉండరు. ఫోను పెట్టేస్తాడనుకున్నాను. స్పీకరులో అంతా విన్న ఆడవాళ్ళు కాయలు ఏరడం ఆపి ఇటే చూస్తున్నారు. ఒక ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వుకో, ఏమో.

"ఏయ్, అందరూ వినండి" అన్నాడు పెద్దాయన, ఎవరి మొహమూ చూడకుండా. "పోయిన కాపులో బండి పడింది టైరు పగిలి. డ్రైవరు నిద్రపోలేదు. ఇంకెవరన్నా ఆ మాటంటే నా తోటలోకి రాబాకండి."

"విన్నావా?" అన్నాడు ఫోనులోకి.

"విన్నా" అన్నాడు డ్రైవరు. తర్వాత పక్కకు తిరిగి ఎవరితోనో అంటున్నాడు, గొంతు దూరమైంది. "లేదన్నా, అమ్మడం లేదు. ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగి పోండి."

పెద్దాయన నాతో మళ్ళీ మాట్లాడలేదు. క్రేట్లు సర్దేవాళ్ళను కేకలేస్తూ లేచిపోయాడు. నేను గేటు దాకా నడిచాను. ఆటో దొరకలేదు. వింజమూరు రోడ్డు దాకా నడిచాను.

డ్రైవరు మళ్ళీ తోటలకు తోలుతున్నాడు. అందరూ కాకపోయినా, చాలామంది పిలుస్తున్నారు. భుజం మాత్రం పూర్తిగా పైకి లేవదు, క్రేట్లు ఎత్తలేడు. దానికి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. ఆత్మకూరు మీదుగా పోయేటప్పుడు నా కొట్టు ముందు బండి ఆపడు. కొత్త టైర్లు కావలిలో కొన్నాడని తెలిసింది. ఫొటోలు పంపడు. అది అతని హక్కు. అతనికి చదవడం వచ్చు.

తోటలో జరిగింది నోటా నోటా ఆత్మకూరు చేరేసరికి, నేను ఒప్పుకున్నది జారిపోయి, ఫొటో చూసి కనిపెట్టానన్నది మాత్రం మిగిలింది. నాకు మాత్రం ఫొటోలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వయసెంతన్నా అని అడుగుతారు. మొత్తం చుట్టూ తీసి పంపమంటాను. బండి ఏదో, ఏం లోడు తోలతావో చెప్పమంటాను. చాలామంది విసుక్కుంటారు. "అడిగింది చెప్పకుండా ఈ ప్రశ్నలేంది?" అని నిన్న ఒకతను ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తాడేమోనని చూశాను. చేయలేదు. ఇంకెవరినైనా అడిగి ఉంటాడు.